వడదెబ్బ: కాలువ పూడిక పనిలో ఉన్నవారికి హెచ్చరిక

(పొద్దున మస్టరు వేశాక మేట్ దీన్ని అందరికీ వినపడేలా చదవాలి. ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలూ పనిలో లెక్కే.)

అమ్మా, అన్నా, ఈ కాగితం ముందు ఇంగ్లీషులో వచ్చింది. ఉన్నది ఉన్నట్టు తెలుగు చేస్తే "నిర్జలీకరణ" అని ఒక మాట తేలింది. సబ్‌సెంటర్లో నలుగురికి చదివి చూస్తే, ఒకావిడ "కాలువ కట్టేయడమా అమ్మా?" అని అడిగింది. ఆవిడ తప్పేం లేదు. అందుకే ఆ మాట తీసేశాను. ఇక్కడ నుంచి ఒంట్లో నీరు తగ్గిపోవడం అనే అంటాను.

ధవళేశ్వరం నుంచి నీళ్ళు ఆపేశాక మనకి ఈ పని దొరుకుతుంది. అంటే మన పని పడేదే నిండు ఎండల్లో. పైగా ఇది డెల్టా. ఎండ ఒక ఎత్తు, ఉక్క ఇంకో ఎత్తు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతూనే ఉంటుంది గానీ ఆరదు. ఒంట్లో నీరూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం పోదు. "రెంటచింతలంత ఎండ మనకెక్కడిది" అని ధైర్యం చెప్పుకోకండి. 2015 మే నెల వడగాల్పులకి మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు.

ముందు చిన్న గుర్తులు. నోరు పిడచకట్టుకుపోతుంది. మూత్రం తక్కువగా, ముదురు పసుపు రంగులో వస్తుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం. పిక్కలూ పొట్టా పట్టేస్తాయి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గమేళా కింద పెట్టి నీడకి రండి. కూర్చుని నీళ్ళో ఓఆర్‌ఎస్సో కొంచెం కొంచెంగా తాగండి. అరగంటకి తేలికపడినా ఆ రోజుకి మళ్ళీ ఎండలోకి దిగొద్దు. తేలికపడకపోతే సబ్‌సెంటర్‌కి రండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం పెద్ద గుర్తు. నిరుడు ఇదే గట్టు మీద ఒక పెద్దాయన మట్టి గమేళా పైకి మోసుకెళ్ళి, పోయకుండా మళ్ళీ అలాగే కిందికి దిగాడు. రెండోసారీ అంతే చేశాడు. అందరూ నవ్వారు. "ఏం బాబాయ్, మట్టి మీద ప్రేమ పుట్టిందా" అన్నారు. ఆయన ఏదో అన్నాడు గానీ ఆ మాటకి అర్థం లేదు. మూడోసారి గట్టు ఎక్కలేక కూలబడ్డాడు. ఆయన చొక్కా తడిసి ముద్దయి ఉంది. "చెమట పడుతోందిగా, వడదెబ్బ కాదులే" అని పావుగంట పోగొట్టాం. ఆయన బతికాడు, అది మన అదృష్టం.

అందుకని ఒకటి గుర్తుంచుకోండి. చెమట ఆగితేనే వడదెబ్బ అనుకోవద్దు. కష్టం చేసేవాళ్ళకి చెమట పడుతుండగానే వడదెబ్బ తగలొచ్చు. మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పినా, ఊరికే కోప్పడినా, నడక తూలినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకుని కదలండి. ఒళ్ళు కాలిపోతూ ఉంటుంది, జ్వరం 104 డిగ్రీలకి పోతుంది. థర్మామీటరు కోసం ఎవరూ పరుగెత్తొద్దు.

అప్పుడు చేయాల్సింది

ఒకరు వెంటనే 108కి ఫోన్ చేయాలి. మిగతావాళ్ళు అంబులెన్స్ కోసం చూస్తూ నిలబడకూడదు. ఆ మనిషిని నీడకి చేర్చండి. చొక్కా విప్పేయండి. ఆడవాళ్ళయితే నలుగురు ఆడవాళ్ళు చుట్టూ చీర అడ్డం పట్టి బట్టలు వదులు చేయండి, సిగ్గుపడి ఆలస్యం చేయొద్దు. తల నుంచి కాళ్ళ దాకా నీళ్ళు పోయండి. కాలువ అడుగున మిగిలిన మడుగు నీళ్ళయినా పరవాలేదు. తాగడానికి పనికిరావు గానీ పోయడానికి పనికొస్తాయి. పోస్తూనే తాటాకుతోనో, తువ్వాలుతోనో, తట్టతోనో గట్టిగా విసరండి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. బండి వచ్చేదాకా ఇది ఆపొద్దు. ఆసుపత్రికి చేరాక చల్లార్చవచ్చులే అనుకుంటే అప్పటికి ఆలస్యమైపోతుంది.

స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. తెలివిగా ఉండి తనంతట తాను మింగగలిగితేనే గుక్క గుక్కగా తాగించండి. జ్వరం కదా అని పారాసిటమాల్ వేయకండి, ఈ వేడికి ఆ బిళ్ళ పని చేయదు. ఉల్లిపాయ అరికాళ్ళకి రాయడం మా అమ్మమ్మా చేసేది. ఉల్లిపాయ మీద నాకేం కోపం లేదు, దాన్ని దంచే టైములో రెండు బిందెల నీళ్ళు పోయొచ్చు.

రోజూ చేయాల్సింది

దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి ఇరవై నిమిషాలకీ ఒక గ్లాసు నీళ్ళు తాగండి. మేట్ ఈల వేస్తారు, వేసినప్పుడు అందరూ తాగాలి. ఆడవాళ్ళు "మళ్ళీ ఎక్కడికి పోవాలి" అని నీళ్ళు మానేస్తున్నారు, నాకు తెలుసు. అందుకే లాకుల పక్కన తాటాకు దడి కట్టించాం. ఇక ఆ వంక లేదు.

ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు మంచినీళ్ళలో కలపాలి. గ్లాసులో కొంచెం పొడి, మళ్ళీ కొంచెం పొడి అని కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం. కలిపింది మరుసటి రోజుకి ఉంచొద్దు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. ఉప్పేసిన పల్చని మజ్జిగ, గంజి, కొబ్బరి నీళ్ళు మంచివే. కూల్‌డ్రింకు వీటికి సాటి రాదు. రాత్రి మందు తాగినవాళ్ళకి పొద్దున్నే ఒంట్లో నీరు తక్కువగా ఉంటుంది. ఆ రోజు రావొద్దు. వస్తే మేట్‌కి చెప్పండి, తిట్టరు.

ఖాళీ కడుపుతో దిగొద్దు. చద్దన్నమైనా తిని రండి. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి నాలుగైదు రోజులు సగం పనే ఇవ్వాలి, ఒళ్ళు ఎండకి అలవాటు పడటానికి వారం రెండు వారాలు పడుతుంది. బీపీకి నీరు పోయే మాత్ర వాడేవాళ్ళు, షుగరు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు ఒకసారి సబ్‌సెంటర్లో నాకు కనపడండి. మాత్ర మాత్రం సొంతంగా మానేయకండి. ఒంటరిగా ఎవరూ పని చేయొద్దు. ఇద్దరిద్దరుగా ఉండి ఒకరి మాట తీరు ఒకరు కనిపెట్టుకోండి.

పని ఆరింటికి మొదలు, పదిన్నరకి గట్టు దిగిపోవాలి. "ఇంకో పది గమేళాలే" అనేది రోహిణి కార్తెలో పనికిరాదు.

ఓఆర్‌ఎస్ డబ్బా, నాలుగు తువ్వాళ్ళు, రెండు బిందెలు రావిచెట్టు కింద ఉంటాయి. 108కి చెప్పాల్సిన మాట ఇది: "కాలువ పనిలో మనిషికి వడదెబ్బ తగిలింది, మాట తేడాగా ఉంది, ఊరి చివర పాత లాకుల వంతెన దగ్గరికి రండి." గట్టు మీదికి బండి ఎక్కదు. ఒక కుర్రాడు ఎర్ర తువ్వాలు పట్టుకుని వంతెన మీద నిలబడాలి.