ఒకే ముఖం, నాలుగు శైలులు: 9వ తరగతి డ్రాయింగ్ పాఠానికి టీచర్ గైడ్

సమయం: 45 నిమిషాల పీరియడ్లు 4. తరగతిలో 40 మంది ఉంటారన్న లెక్కతో రాసింది.

కావలసినవి: ఏ4 డ్రాయింగ్ షీట్లు, ఇద్దరికొక చిన్న అద్దం, నల్ల స్కెచ్ పెన్ను, ఆయిల్ పాస్టెల్స్, పోస్టర్ కలర్లు, ఇయర్ బడ్స్, కత్తెరలు, గమ్. ప్రతి పిల్లవాడి బొమ్మకూ రెండు జిరాక్సులు.

మొదటి పీరియడ్: అద్దం ముందు

వాన్ గో దగ్గర మోడల్‌కి ఇవ్వడానికి డబ్బుల్లేక, మంచి అద్దం ఒకటి కొనుక్కుని తన ముఖాన్నే గీసుకున్నాడు. పాఠం ఇక్కడ మొదలుపెడితే పిల్లలు వెంటనే అద్దం పట్టుకుంటారు. ఫోన్‌లో ఫొటోలు తీయొద్దు. కొందరు పిల్లలకి, ముఖ్యంగా అమ్మాయిలకి, అది ఇబ్బంది. పైగా ఆ ఫొటోలు ఏ వాట్సాప్ గ్రూపులో తేలతాయో మన చేతిలో ఉండదు.

అందరూ కళ్లని నుదుటి దగ్గర పెట్టేస్తారు. నడినెత్తి నుంచి గడ్డం దాకా వేలితో కొలిపించండి, కళ్లు సరిగ్గా సగంలో ఉంటాయి. ఈ ఒక్కటి దిద్దితే సగం పని అయినట్టే. నీడలు దిద్దించొద్దు, గీతలు మాత్రం చాలు. చివర్లో స్కెచ్ పెన్నుతో గీయించి, షీట్లు తీసుకుని జిరాక్స్ చేయించండి. ఒరిజినల్‌కి రంగు తగలకూడదు. మూల బొమ్మ మారకుండా ఉంటేనే శైలి ఏం చేసిందో పిల్లలకి కనిపిస్తుంది.

రెండో పీరియడ్: చూడటం

నాలుగు ప్రింట్లు బోర్డుకి అంటించండి: సూరా గీసిన ‘గ్రాండ్ జాట్’ (1884–86), మాటిస్ ‘ఆకుపచ్చ గీత’ (1905), హువాన్ గ్రిస్ గీసిన పికాసో చిత్రం (1912), వార్హోల్ మార్లిన్ మన్రో ప్రింట్లలో ఏదైనా ఒకటి (1962). పేర్లు ముందే చెప్పొద్దు. “ఈయన ఏ రూలు పెట్టుకున్నాడో కనిపెట్టండి” అని అడగండి. “రంగులు బాగున్నాయి సార్” అంటే ఒప్పుకోకండి. “ముక్కు మీద పచ్చరంగు ఎందుకేశాడు?” అనే ప్రశ్న వచ్చేదాకా ఆగండి. తర్వాత ఎవరు ఏ శైలిలో చేయాలో చీటీలు తీయించండి. ఎంచుకోమంటే తరగతంతా వార్హోల్ దగ్గరే వాలిపోతుంది.

మూడు, నాలుగు పీరియడ్లు: చేయడం

*పాయింటిలిజం (సూరా).* ఇయర్ బడ్‌తో చుక్కలే, గీత ఉండకూడదు. పసుపు, నీలం కలపకుండా పక్కపక్కన పెట్టించి, తరగతి చివర నుంచి చూడమనండి. ముఖం మొత్తం చుక్కలతో నింపాలంటే విసిగిపోతారు, సగం ముఖం చాలు.

*ఫావిజం (మాటిస్).* నా దృష్టిలో మన పిల్లలకి అన్నిటికన్నా అవసరమైనది ఇదే. పాస్టెల్స్ డబ్బాలో ‘స్కిన్ కలర్’ అని ఒక లేత గులాబీ ముక్క ఉంటుంది. నల్లగా, చామనఛాయగా ఉన్న పిల్లలు కూడా చెయ్యి దాని మీదికే పోనిస్తారు. ఈ పాఠంలో దాన్ని పక్కన పెట్టించండి. వెలుగు పడే చోట పసుపు, నారింజ, ఎరుపు. నీడ ఉన్న చోట నీలం, ఆకుపచ్చ, ఊదా. కిటికీ వైపు తిరిగి అద్దంలో చూసుకుంటే రెండు వైపులూ తేడా తెలుస్తుంది. ఇష్టమొచ్చిన రంగులు పులమడాన్ని ఫావిజం అనుకుంటారు. “ఇక్కడ నీలం ఎందుకు?” అని ఒక్కసారి అడిగితే సర్దుకుంటారు.

*క్యూబిజం (పికాసో, బ్రాక్).* ముఖం మీద స్కేలుతో అడ్డదిడ్డంగా గీతలు కొట్టి గళ్లకి రంగులేస్తే అది క్యూబిజం కాదు, గాజు కిటికీ. ఒకే వస్తువుని పలు వైపుల నుంచి చూసి ఒకే కాగితం మీద పెట్టడం ఇందులో కీలకం. అద్దంలో పక్క ముఖం సరిగ్గా కనిపించదు. కాబట్టి ఉదయం ఎండ పడే గోడకి కాగితం అంటించి, పిల్లవాడిని పక్కకి తిప్పి నిలబెట్టి, నీడ అంచుని బెంచీ మేటుతో గీయించండి. ఆ పక్క ముఖాన్నీ జిరాక్స్‌నీ తిన్నని అంచులతో ముక్కలు చేసి, ఎదుటి కన్ను, పక్క ముక్కు కలిసేలా అంటించాలి. రంగులు గోధుమ, బూడిద, నలుపు మాత్రమే.

*పాప్ ఆర్ట్ (వార్హోల్).* ముఖాన్ని మూడు చదును రంగుల్లోకి తేవాలి, షేడింగ్ లేదు. రెండు జిరాక్సులకీ వేర్వేరు రంగులు వేయించి పక్కపక్కన అంటించండి.

ముందే ముగించినవాళ్లకి తోట వైకుంఠం చిత్రం చూపించి, ఆ చదునైన గాఢ రంగులకీ మాటిస్‌కీ తేడా ఏమిటో రెండు వాక్యాలు రాయమనండి.

మార్కులు (20)

మూల బొమ్మ 5, శైలి రూలు పాటించడం 8, శుభ్రత 3, వెనక రాసిన నాలుగు వాక్యాల వివరణ 4. పోలికకి మార్కుల్లేవని మొదటి రోజే చెప్పండి, సగం టెన్షన్ పోతుంది. వివరణలో “నేను ఈ రూలు పెట్టుకున్నాను, ఇక్కడ తప్పాను” అని రాసినా పూర్తి మార్కులు వేయండి.

ప్రదర్శనలో ప్రతి ఒరిజినల్ పక్కనే దాని శైలి బొమ్మ పెట్టండి. గోడకి పెట్టొద్దనే పిల్లలుంటే బలవంతం చేయకండి, మార్కులు తగ్గించకండి. మొదటి రోజు రానివాళ్లకి మధ్యాహ్న భోజన విరామంలో అద్దం ఇచ్చి మూల బొమ్మ వేయించండి. వేరేవాళ్ల జిరాక్స్ మాత్రం ఇవ్వొద్దు.