యాజమాన్య సమీక్షా సమావేశం మినిట్స్: వేరుశనగ పప్పు యూనిట్, అనంతపురం

తేదీ 09-12-2024. ఐఎస్‌ఓ 9001:2015, క్లాజు 9.3. అధ్యక్షత: మేనేజింగ్ పార్ట్‌నర్. హాజరు: క్వాలిటీ, కొనుగోలు, స్టోర్స్ ఇన్‌ఛార్జులు.

పరిశీలించినవి: గత నిర్ణయాల అమలు, ఇంటర్నల్ ఆడిట్, సప్లయర్ల పనితీరు, కస్టమర్ ఫిర్యాదులు. ఎక్కువ సమయం ఫిర్యాదులకే పట్టింది. బూజు వాసనతో రెండు లాట్లు వెనక్కొచ్చాయి. ఆరని కాయను గోనె సంచుల్లో నింపి నేల మీదే పేర్చడం కారణమని తేలింది. బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం చేరే ప్రమాదం ఉంది, అది వేయించినా పూర్తిగా పోదు. తినే సరుకులో సర్దుబాటు ఉండదని అధ్యక్షులు స్పష్టం చేశారు.

నిర్ణయాలు: గేటు దగ్గరే ప్రతి లోడుకూ తేమ పరీక్ష, 8 శాతం దాటితే దించరాదు. తడి కాయ తెచ్చిన రైతును ఊరికే తిప్పి పంపకుండా మన కళ్లంలో ఆరబెట్టుకోనివ్వాలన్న కొనుగోలు ఇన్‌ఛార్జి సూచన అందరికీ నచ్చింది, ఆమోదించాం. బాధ్యత: స్టోర్స్, నేటి నుంచే.

మంజూరు: తేమ మీటర్లు 2, చెక్క ప్యాలెట్లు 60, ల్యాబ్ అసిస్టెంట్ ఒకరు. కలర్ సార్టర్‌పై కొటేషన్లు వచ్చాక చర్చ.