టెట్ సైకాలజీ ప్రాక్టీస్ బిట్లు, జవాబులతో – కాశీనగర్ ఆదివారం బ్యాచ్ కోసం

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ వారం బిట్లు ఇవి. సీటెట్ రాసేవోళ్ళు, ఒడిశా టెట్ రాసేవోళ్ళు, అటు పాతపట్నం వైపు సంబంధం ఉండి ఏపీ టెట్ రాసేవోళ్ళు, అందరికీ ఇవే పనికొస్తాయి, ఎందుకంటే పేపర్-1లో 150 మార్కుల్లో 30 ఈ సబ్జెక్టుకే, నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క బిట్టు కూడా వదలొద్దు. ముందు జవాబు చూడకుండా పెన్సిల్‌తో టిక్కు పెట్టండి, తర్వాత వివరణ చదవండి. పేర్లు, వయసులు బట్టీ పట్టి వెళ్తే హాల్లో తడబడిపోతారు, ఇప్పుడు పేపర్లో నేరుగా నిర్వచనం అడగడం తగ్గింది, ఒక పిల్లని మీ ముందు నిలబెట్టి ఈ పిల్ల ఎందుకిలా చేసింది అని అడుగుతున్నారు.

1. ఆరేళ్ళ పాపకి రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా చోడి అంబలి పోశారు. ఒక గ్లాసులోది పాప చూస్తుండగానే సన్నగా పొడుగ్గా ఉన్న గ్లాసులోకి ఒంపితే పాప "ఇందులోనే ఎక్కువుంది, నాకిదే కావాలి" అంది. పాప ఉన్న దశ?
1) ఇంద్రియ చాలక దశ 2) పూర్వ ప్రచాలక దశ 3) మూర్త ప్రచాలక దశ 4) అమూర్త ప్రచాలక దశ

జవాబు 2. ఇది మా ఇంట్లోనే మా చెల్లి కూతురితో చేసి చూశాను, మూడుసార్లు అటూ ఇటూ ఒంపి చూపించినా అదే మాట, పైగా నేనేదో మోసం చేస్తున్నట్టు గ్లాసు పట్టుకుని లాక్కుంది. పాపకి తెలివి తక్కువ అనుకోకండి. ఆ వయసులో చూపు ఒక్క కొలత మీదే, అంటే ఎత్తు మీదే ఆగిపోతుంది, దీన్నే కేంద్రీకరణ అంటారు, వెడల్పు తగ్గిందన్న సంగతి లెక్కలోకి రాదు. రెండోది, మళ్ళీ వెనక్కి ఒంపితే మొదట్లాగే ఉంటుంది కదా అని మనసులో వెనక్కి నడవలేదు, అది విపర్యయాత్మక ఆలోచన లేకపోవడం. ఈ రెండూ కుదిరాక పదిలపరచుకునే భావన వస్తుంది, అప్పుడు పాప మూర్త ప్రచాలక దశలోకి వచ్చినట్టు. పియాజే చెప్పిన వయసులు 0-2, 2-7, 7-11, ఆ పైన, ఇవి సుమారు లెక్కలే, పిల్లని బట్టి కొంచెం ముందూ వెనకా అవుతాయి గానీ దశల వరస మాత్రం మారదు. "వయస్సు మారవచ్చు, క్రమం మారదు" అన్న స్టేట్‌మెంట్ వస్తే కళ్ళు మూసుకుని సరి అని పెట్టండి.

2. పది నెలల బాబు ముందు గిలక పెట్టి దాని మీద తువ్వాలు కప్పితే బాబు తువ్వాలు లాగి గిలక తీసుకున్నాడు. బాబులో ఏర్పడినది?
1) సర్వాత్మవాదం 2) వస్తు స్థిరత్వ భావన 3) అహం కేంద్రీకృత ఆలోచన 4) పదిలపరచుకునే భావన

జవాబు 2. కనపడకపోయినా వస్తువు ఉంటుంది అని తెలియడం. మిగతా మూడూ ఈ వయసు బాబుకి పెట్టడానికి కుదరవు.

3. ఇంట్లో ఆవుని మాత్రమే చూసిన గుంటడు మొదటిసారి గేదెని చూసి "ఆవు" అన్నాడు. అమ్మ చెప్పాక గేదె వేరు, ఆవు వేరు అని తెలుసుకున్నాడు. ఈ రెండో మార్పు?
1) సాంశీకరణం 2) అనుగుణ్యం 3) సాధారణీకరణం 4) అనుకరణ

జవాబు 2. చాలామంది మొదటి సగం చదివేసి 1 పెట్టేస్తారు, ప్రశ్న అడిగింది రెండో మార్పు గురించి. కొత్తదాన్ని పాత స్కీమాలోకే తోసేస్తే సాంశీకరణం, కొత్తదాని కోసం స్కీమానే మార్చుకుంటే అనుగుణ్యం.

4. బడిలో మధ్యాహ్న భోజనం గంట వినగానే పిల్లలకి నోట్లో నీళ్ళు ఊరుతున్నాయి. ఇక్కడ గంట?
1) నిర్నిబంధిత ఉద్దీపన 2) నిబంధిత ఉద్దీపన 3) నిబంధిత ప్రతిస్పందన 4) తటస్థ ప్రతిస్పందన

జవాబు 2. భోజనం నిర్నిబంధిత ఉద్దీపన, గంట శబ్దం నేర్చుకున్నది. దీనికి తోక ప్రశ్న కూడా వస్తుంది: గంట మోగుతున్నా కొన్నాళ్ళు భోజనం రాకపోతే ఊరడం ఆగిపోతుంది, అది విరమణ. కొంత విరామం తర్వాత మళ్ళీ గంట వింటే కాస్త ఊరుతుంది, అది అయత్నసిద్ధ స్వాస్థ్యం. పావ్‌లోవ్ దగ్గర జీవి ఏమీ చెయ్యక్కర్లేదు, ఉద్దీపన వస్తే ప్రతిస్పందన దానంతటదే వస్తుంది, స్కిన్నర్ దగ్గర జీవి ముందు ఏదో పని చెయ్యాలి, తర్వాత ఫలితం, ఈ తేడా పట్టుకుంటే సగం బిట్లు అయిపోయినట్టే.

5. "క్లాసులోనే లెక్కలు పూర్తి చేసినవాళ్ళకి ఇవాళ హోంవర్కు లేదు" అని టీచర్ అంటే పిల్లలు బేగి పూర్తి చేశారు. ఇది?
1) ధనాత్మక పునర్బలనం 2) ఋణాత్మక పునర్బలనం 3) దండన 4) విరమణ

జవాబు 2. ఈ బిట్టు దగ్గర కాసేపు ఆగండి. నేను మొదటిసారి టెట్ రాసినప్పుడు ఇలాంటిదానికే దండన అని పెట్టాను, ఆ ఏడాది నాకు 89 వచ్చాయి, క్వాలిఫై అవడానికి 90 కావాలి, ఆ ఒక్క మార్కు కోసం ఇంకో నోటిఫికేషన్ దాకా ఆగాల్సొచ్చింది. ఋణాత్మకం అంటే చెడ్డది అని మన బుర్రలో ఉండిపోవడం వల్ల వచ్చిన తప్పు అది. ఋణాత్మకం అంటే తీసెయ్యడం, ధనాత్మకం అంటే చేర్చడం, లెక్కల్లో మైనస్ ప్లస్ లాగే. పునర్బలనం అంటే ఆ పని మళ్ళీ చెయ్యాలనిపించడం, దండన అంటే ఆ పని తగ్గడం. ఇక్కడ ఇష్టం లేని హోంవర్కు తీసేశారు, పని చెయ్యడం పెరిగింది, కాబట్టి ఋణాత్మక పునర్బలనం. అల్లరి చేశాడని ఆటల పీరియడ్ తీసేసి అల్లరి తగ్గితే అది మాత్రం దండనే, అక్కడా తీసెయ్యడమే ఉంది గానీ పని తగ్గింది కదా. ముందు పని పెరిగిందా తగ్గిందా చూడండి, తర్వాత చేర్చారా తీశారా చూడండి, ఈ వరసలో చూస్తే తప్పు రాదు.

6. జీడిపిక్కలు ఒలిచే ఆమెకి ప్రతి కిలోకి ఇంత అని కూలి ఇస్తారు. ఇది ఏ పునర్బలన నియమం?
1) స్థిర కాలవ్యవధి 2) చర కాలవ్యవధి 3) స్థిర నిష్పత్తి 4) చర నిష్పత్తి

జవాబు 3. నెల జీతం అయితే స్థిర కాలవ్యవధి. వంశధారలో వల వేసేవాడికి ఎన్ని వలలకి చేప పడుతుందో తెలీదు, అయినా వేస్తూనే ఉంటాడు, అది చర నిష్పత్తి.

7. సుల్తాన్ అనే చింపాంజీ మీద ప్రయోగాలు చేసినది కోహ్లర్, అభ్యసనం అంతర్దృష్టి వల్ల. పిల్లితో పజిల్ పెట్టె థార్న్‌డైక్, యత్నదోషం. బోబో బొమ్మ బండూరా, పరిశీలనా అభ్యసనం. ఇది జతపరచడంగానే వస్తుంది, ఆప్షన్లు ఇక్కడ పెట్టలేదు, పేర్లు గుర్తుంటే చాలు.

8. తెలుగు చదవడం వచ్చిన మూడో తరగతి పాప ఒడియా పాఠంలో "ఠ" అక్షరాన్ని సున్నా అని చదివింది. ఇది?
1) అనుకూల బదలాయింపు 2) ప్రతికూల బదలాయింపు 3) శూన్య బదలాయింపు 4) ద్విపార్శ్వ బదలాయింపు

జవాబు 2. ఒడియాలో ఠ ఉత్త గుండ్రంగా మన సున్నాలాగే ఉంటుంది, ముందు నేర్చుకున్నది కొత్తదానికి అడ్డం వచ్చింది. అదే పాపకి అ ఆ ఇ ఈ వరస, క ఖ గ ఘ వరస మళ్ళీ నేర్పక్కర్లేదు, రెండు భాషల్లో ఒకటే, అది అనుకూల బదలాయింపు. మన ఊళ్ళ పిల్లల్లో రెండూ ఒకే పుస్తకం మీద కనపడతాయి.

9. "తోటలో మామిడికాయ కొయ్యకూడదు, కాపలా తాత కొడతాడు" అన్నాడు అయిదేళ్ళ బాబు. కోల్‌బర్గ్ ప్రకారం?
1) పూర్వ సాంప్రదాయ స్థాయి 2) సాంప్రదాయ స్థాయి 3) ఉత్తర సాంప్రదాయ స్థాయి 4) ఏదీ కాదు

జవాబు 1, అందులోనూ మొదటి దశ, శిక్షకి భయపడి విధేయత. "కోస్తే అమ్మ నన్ను మంచోడు అనదు" అంటే మూడో దశ. కాయ కోశాడా లేదా అన్నది కోల్‌బర్గ్‌కి అక్కర్లేదు, ఎందుకు అన్న కారణమే చూస్తాడు.

10. ఒక పిల్లాడు రెండంకెల కూడిక ఒంటరిగా చెయ్యలేడు, అక్క పక్కన కూచుని "ముందు ఒకట్లు కలుపు" అంటే చేస్తాడు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం?
1) స్కీమాటా 2) సామీప్య వికాస మండలం 3) సమతుల్యత 4) పరిపక్వత

జవాబు 2, వైగాట్‌స్కీ. అక్క ఇచ్చిన సాయం పేరు స్కఫోల్డింగ్, పిల్లాడికి వచ్చేకొద్దీ సాయం తగ్గించాలి, ఇల్లు కట్టాక సారవ కర్రలు తీసేసినట్టు.

11. సవర మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో చేరింది. ఇంటి దగ్గర గలగలా మాట్లాడుతుంది, క్లాసులో నోరు విప్పదు. టీచరు ముందుగా చెయ్యాల్సింది?
1) ఇంట్లో కూడా బడి భాషే మాట్లాడమని తల్లిదండ్రులకి చెప్పడం
2) ప్రజ్ఞ తక్కువని ప్రత్యేక బడికి పంపమనడం
3) పిల్ల భాషని క్లాసులో వాడనిచ్చి దాని మీంచి బడి భాషకి తీసుకెళ్ళడం
4) మాట్లాడేదాకా వదిలెయ్యడం

జవాబు 3. ఇలాంటి బిట్టు ప్రతి సీటెట్‌లో ఏదో రూపంలో వస్తుంది, మనం మాత్రం దీన్ని మార్కు కోసం కాకుండా చదవాలి. విద్యాహక్కు చట్టం 2009 సెక్షన్ 29 కూడా వీలైనంతవరకు బోధన పిల్ల మాతృభాషలో ఉండాలనే చెప్తుంది. దానికి ఎన్నో ఏళ్ళ ముందే మన పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు తాను సవర నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే పుస్తకాలు రాశారు. మౌనంగా కూచున్న పిల్లకి భాష లేక కాదు, క్లాసులో వినపడేది తన భాష కాక. నేను ప్రైవేటు బళ్ళో చెప్పేటప్పుడు అలాంటి పాప ఉండేది, నెల రోజులు మాట లేదు, ఒకరోజు చింతపిక్కలు చేతిలో పోసి "మీ ఇంట్లో ఎలా లెక్కపెడతారు" అన్నాను, పిక్కలు ఒక్కోటీ నేల మీద పెడుతూ సవరలో పన్నెండు దాకా చెప్పింది, మిగతా పిల్లలు కూడా దానితో పాటు చెప్పడం మొదలెట్టారు.

12. చింతపిక్కలతో లెక్క, తర్వాత పిక్కల బొమ్మలతో లెక్క, తర్వాత అంకెలతో లెక్క. బ్రూనర్ ప్రకారం వరస?
1) చిత్రాత్మక, క్రియాత్మక, ప్రతీకాత్మక 2) క్రియాత్మక, చిత్రాత్మక, ప్రతీకాత్మక 3) ప్రతీకాత్మక, చిత్రాత్మక, క్రియాత్మక 4) క్రియాత్మక, ప్రతీకాత్మక, చిత్రాత్మక

జవాబు 2.

13. ఎనిమిదేళ్ళ పిల్లకి మానసిక వయస్సు 10. ప్రజ్ఞా లబ్ధి? 10 ÷ 8 × 100, అంటే 125. పైన మానసిక వయస్సు, కింద శారీరక వయస్సు, తలకిందులు చేస్తే 80 వస్తుంది, ఆప్షన్లలో అది కూడా పెడతారు.

ఆదివారానికి ఈ రెండూ మీరే చేసుకురండి, జవాబుతో పాటు ఎందుకో కూడా ఒక వాక్యం రాయండి.

14. నాలుగేళ్ళ బాబు బొమ్మతో ఆడుతూ "ఇది ఇక్కడ పెట్టాలి, కాదు అక్కడ" అని తనలో తనే మాట్లాడుకుంటున్నాడు. దీన్ని పియాజే ఎలా చూశాడు, వైగాట్‌స్కీ ఎలా చూశాడు?

15. తొమ్మిదేళ్ళ పిల్ల ఏం చేసినా "నీకు రాదులే" అంటున్నారు. ఎరిక్‌సన్ ప్రకారం ఆ పిల్లలో ఏది పెరుగుతుంది?

గునుపురం నుంచి రైల్లో వచ్చేవోళ్ళు ఆలస్యమైనా పర్లేదు, 14తో మొదలెట్టకుండా మీ కోసం ఆగుతాం.