నాలా గల్లీ దుకాణాల ఫోన్ పట్టిక

నయీంనగర్, హన్మకొండ
బోర్డు ఫొటో తీసింది: 2025 నవంబరు 9, ఆదివారం
ఫోన్ చేసి సరిచూసింది: నవంబరు 10 నుంచి 13 వరకు

కరీంనగర్ రోడ్డు మీంచి మన గల్లీలోకి తిరిగే చోట ఉన్న ఇనుప బోర్డు అందరికీ తెలుసు. దాని మీద పదహారు దుకాణాల పేర్లు, నంబర్లు ఉన్నాయి. పోయిన నెల ఒక రాత్రి మోటారు ఆగిపోతే రెండో అంతస్తు పెద్దమ్మ టార్చిలైటు పట్టుకుని ఆ బోర్డు కింద నిలబడింది. పిల్లలు దగ్గర లేరు, పక్కింటికి తాళం. ఆమె చేసిన నంబరు ఎవరో సంబంధం లేని మనిషికి పోయింది. నిద్రలో లేపినందుకు ఆయన కోప్పడ్డాడట, ఈమె రాత్రంతా బాధపడింది. చివరి అంకె 7, ఆమెకు 1 లాగా కనిపించింది.

అందుకే ఈ పట్టిక. బోర్డును పొద్దున ఏడింటికి, ఎండ దాని మీద పడకముందే రెండు ముక్కలుగా ఫొటో తీశాను. ఒకే ఫొటోలో మొత్తం పట్టించాలని చూస్తే కింది వరుసల అంకెలు అలుక్కుపోయాయి. ఫోన్‌లో పెద్దది చేసి ఒక్కో అంకె రాసుకున్నాను. 1కి 7, 3కి 8, 6కి 8 పోలిన చోటల్లా పక్కన గుర్తు పెట్టుకున్నాను. తర్వాత ప్రతి నంబరుకూ ఫోన్ చేశాను. దుకాణం వాళ్లు ఎత్తి, వాళ్ల పేరు వాళ్లే చెప్పాకే ఇక్కడ రాశాను. బోర్డు మీద యజమానుల పేర్లు కూడా ఉన్నాయి కానీ వాటిని ఎక్కించలేదు. మనకు కావలసింది పని, మనిషి పేరు కాదు.

నీళ్లు, మోటారు

సాయి మోటార్ వైండింగ్ వర్క్స్: 90000 10417
బోరు మోటారు, సంపు మోటారు, మిక్సీ, కూలర్ మోటారు. ఉదయం 9 నుంచి రాత్రి 8. ఆదివారం సెలవు. పైన చెప్పిన నంబరు ఇదే. చివర 7. దుకాణానికి వెళ్లి వాళ్ల కార్డు చూసి మరీ రాశాను. ఒక మాట గుర్తుంచుకోండి: మోటారు విప్పి తేవడానికి వీళ్లు మనిషిని పంపరు. ముందు కింది నంబరుకు చేయాలి.

లక్ష్మీ శానిటరీ: 80000 20361
నల్లా, పైపులు, ట్యాంకు వాల్వు. ప్లంబర్‌ను పంపుతారు, మోటారు విప్పి బిగించడం కూడా అతనే చేస్తాడు. రాత్రి తొమ్మిది తర్వాత ఎత్తరు. వచ్చే ముందే ఎంత తీసుకుంటారో అడగండి, చెప్తారు.

గంగా మంచినీళ్లు: 70000 30285
ఇరవై లీటర్ల క్యాన్. మెట్లెక్కి వంటింట్లో పెట్టి వెళ్తారు.

కరెంటు

వెంకటేశ్వర ఎలక్ట్రికల్స్: 90000 40632
ఫ్యాను, గీజరు, స్విచ్చులు, ఇన్వర్టర్. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తగ్గితే వచ్చి పోస్తారు. అది మనం స్టూలెక్కి చేసే పని కాదు. గల్లీ అంతా కరెంటు పోతే మాత్రం ఈ దుకాణం ఏమీ చేయలేదు, 1912కు ఫోన్ చేయాలి.

మందులు, రక్త పరీక్షలు

శ్రీనివాస మెడికల్స్: 0870 2000146
బోర్డు మీద ఆరంకెలే ఉన్నాయి. అది పాతకాలం నంబరు, దాని ముందు 2 చేర్చాలి. చేర్చి చేస్తే వెంటనే ఎత్తారు. ల్యాండ్‌లైన్ కాబట్టి డాక్టరు చీటీ ఫొటో పంపడం కుదరదు. పాత స్ట్రిప్ చేతిలో పట్టుకుని మందు పేరు ఒక్కో అక్షరం చదవండి, ఎన్ని మిల్లీగ్రాములో తప్పకుండా చెప్పండి. బీపీ మాత్రల్లో ఒకే పేరుతో రెండు మూడు మోతాదులు ఉంటాయి. అబ్బాయి తెచ్చి ఇచ్చాక స్ట్రిప్ మీద అంకె మళ్లీ చూసుకున్నాకే డబ్బులివ్వండి.

మమత ల్యాబ్: 80000 50174
ఇంటికొచ్చి రక్తం తీసుకుంటారు, ఉదయం ఆరున్నర నుంచి. ముందు రోజు సాయంత్రమే చెప్పాలి. పరగడుపున ఇవ్వాల్సిన పరీక్షో కాదో అప్పుడే అడిగేయండి.

వంటిల్లు

అన్నపూర్ణ కిరాణం: 70000 60953
సామాన్ల జాబితా చెప్తే మధ్యాహ్నంలోపు పంపుతారు. మన గల్లీకి డెలివరీ చార్జీ లేదు.

బాలాజీ స్టవ్ అండ్ కుక్కర్ రిపేర్స్: 90000 70528
బర్నర్, కుక్కర్ గ్యాస్కెట్, హ్యాండిల్. సిలిండర్ దగ్గర వాసన వస్తే ఈ నంబరు వద్దు. రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి, స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కు చేయండి. అది గ్యాస్ లీకుల కోసమే పెట్టిన నంబరు.

కాగితాల పని

కాకతీయ జిరాక్స్ అండ్ ఆన్‌లైన్: 80000 80316
బోర్డు మీద ‘జిరాక్స్, లామినేషన్’ అని మాత్రమే ఉంది. అడిగితే తెలిసింది, పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్ కూడా చేస్తారట. కేంద్ర ప్రభుత్వ పింఛను వాళ్లు ఏటా నవంబరులో ఇవ్వాల్సింది అదే కాబట్టి ఈ దుకాణం మనకు చాలా అవసరం. ఆధార్, పీపీఓ నంబరు, బ్యాంకు పాసుబుక్కు, ఆధార్‌కు కలిపిన ఫోను తీసుకెళ్లండి. వేళ్లు అరిగి ముద్ర పడకపోతే ముఖం ఫొటోతో చేసే పద్ధతి ఉంది, గట్టిగా అడగండి. నడవలేని వాళ్ల ఇంటికి సాయంత్రం ఐదు తర్వాత వస్తామని మాటిచ్చారు.

బట్టలు, పరుపులు, శుభకార్యాలు

న్యూ స్టైల్ టైలర్స్: 90000 90241
బోర్డు మీది నంబరు చెల్లదు. చేస్తే ఎవరూ ఎత్తలేదు. దుకాణానికి వెళ్లి అడిగితే, “గా నంబర్ మా బామ్మర్దిది అమ్మా, ఆయన దుబాయ్ పోయిండు, బోర్డు మార్పిద్దాం అంటనే ఉన్నం” అన్నాడు. పైన రాసింది ఆయన సొంత నంబరు. జాకెట్లు, ఫాల్సు, పాత బట్టల మరమ్మతు.

శివ పరుపులు: 70000 15067
దూది ఏకి పరుపులు, దిండ్లు కుడతారు. కొత్తవాడ జంపఖానాలు కూడా ఉంటాయి. నేనొకటి కొన్నాను, నేత బాగుంది.

రాజరాజేశ్వర టెంట్ హౌస్: 80000 25493
కుర్చీలు, షామియానా, వంటపాత్రలు. నంబరు మారింది, ఇది కొత్తది.

బోర్డు మీద ఉండి ఇక్కడ లేనివి

ఎస్‌టీడీ బూత్, ఫొటో స్టూడియో, పాల కేంద్రం మూతపడ్డాయి. స్టూడియో నంబరు ఇప్పుడు వేరే ఊరి ఇంటివాళ్ల దగ్గరుంది, దయచేసి వాళ్లకు చేయకండి. పదహారో వరుస మీద కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ కట్టారు. ‘బేకరీ’ అన్న మాట, చివరి నాలుగంకెలు మాత్రమే కనిపిస్తున్నాయి. గల్లీలో ఇప్పుడు బేకరీ లేదు కాబట్టి వదిలేశాను.

బోర్డు మీద లేకపోయినా ఇంట్లో ఉండాల్సినవి

ఏ ఆపదకైనా 112. అంబులెన్సు 108. పెద్దవాళ్లకు సలహా, సాయం కావాలంటే 14567.

ఈ కాగితం పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించాను. ఒకటి లిఫ్టు పక్కన అంటించాను, మిగతావి వాచ్‌మన్ దగ్గర ఉన్నాయి. ఏ నంబరైనా వేరే వాళ్లకు పోతే నాకు చెప్పండి, ఆ రోజే సరిచేసి కొత్తది ఇస్తాను. ఎవరికైనా కంటికి ఇంకా పెద్ద అక్షరాలు కావాలంటే చేత్తో రాసిస్తాను.

ఫ్లాట్ 203