పని ముగింపు నోటీసు, చివరి లెక్క

ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం
28-2-2025

నరసమ్మ గారికి,

మామ్మగారిని ఏప్రిల్ మొదటి వారంలో హైదరాబాద్ తీసుకెళ్తున్నాం. ఇల్లు ఖాళీ చేస్తున్నాం కాబట్టి 31-3-2025, సోమవారం మీ పనికి ఆఖరి రోజు. అందుకే నెల ముందే రాసి ఇస్తున్నాం. మీ పనిలో లోపం గానీ, తగువు గానీ, వస్తువు పోవడం గానీ కారణం కాదు. అపార్ట్‌మెంట్‌లో ఎవరడిగినా ఈ కాగితం చూపించండి.

మీ జీతం నెలకు 6,000, అంటే రోజుకు 200 రూపాయలు. ఆ లెక్కన:

మార్చి జీతం: 6,000
వాడుకోని 7 సెలవులు: 1,400
2019 జూన్ నుంచి చేసిన పనికి, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున: 18,000
మొత్తం: 25,400
జనవరిలో పాప ఫీజుకు తీసుకున్న 5,000లో మిగిలిన అడ్వాన్సు: 4,000
మీకు రావలసింది: 21,400

ఐదేళ్ల పది నెలలైంది, ఆరేళ్లుగానే లెక్కగట్టాం. సెలవులు గత ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి వరకు, నెలకు రెండు చొప్పున 22. మీరు వాడుకున్నవి 15. వంటింటి క్యాలెండర్ మీద మనం పెట్టిన గుర్తులతో సరిచూసుకోండి. తేడా ఉంటే మార్చి 10 లోపు చెప్పండి, కూర్చుని సరిచేద్దాం. అడ్వాన్సును జీతంలోంచి కోయడం లేదు, సర్వీసు డబ్బులోంచే తీస్తున్నాం. ఏప్రిల్ అద్దెకు మీ చేతిలో జీతం పూర్తిగా ఉండాలి. ఉగాది చీరకు ఇచ్చే 1,000 ఈ లెక్కలోకి రాదు, మార్చి 29న విడిగా ఇస్తాం.

మార్చిలో పని వెతుక్కోవడానికి సాయంత్రం పూట రానవసరం లేదు, జీతం తగ్గదు. ఈలోపే వేరే ఇల్లు దొరికితే వెళ్లిపోండి. వచ్చిన రోజుల వరకే మార్చి జీతం కడతాం, సెలవులు, సర్వీసు డబ్బు మాత్రం అలాగే ఉంటాయి. మేమే ముందు బయల్దేరాల్సి వస్తే మార్చి జీతం పూర్తిగా మీదే.

31న ఉదయం పని అయ్యాక డబ్బు ఇస్తాం. మీ ఫోన్‌పేకు పంపమంటే అలాగే పంపుతాం. చేతికొచ్చాక లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే రసీదు మీద సంతకం చేయండి. ఈ నోటీసు మీద పెట్టే సంతకం కాగితం అందినట్టు మాత్రమే, డబ్బు అందినట్టు కాదు. ఆ రోజే రెండు తాళంచెవులు తిరిగి తీసుకుని, ముట్టినట్టు రాసిస్తాం. మీ ఆధార్ జిరాక్స్ వెనక్కి ఇచ్చేసి, ఫోన్‌లోని ఫొటో మీ ఎదుటే తీసేస్తాం.

అంట్లు, బట్టలు, ఇల్లు తుడవడంతో పాటు, మోకాలి ఆపరేషన్ తర్వాత మామ్మగారిని మీరు చూసుకున్న తీరు కూడా రాసి, మా ఫోన్ నంబర్‌తో మంచిపేరు లేఖ ఇస్తున్నాం. పక్క బ్లాకులో రెండిళ్లకు మీ గురించి చెప్పాం. ఒకరు వచ్చే ఆదివారం కలుస్తామన్నారు.

రెండు ప్రతులు రాశాం, ఒకటి మీది. ఇంటికి తీసుకెళ్లి పాపతో చదివించుకుని, రేపు సంతకం చేయండి.

ఇట్లు,
సుజాత
(మామ్మగారి కోడలు)

కాగితం అందింది, చదివి వినిపించారు.
నరసమ్మ
1-3-2025