రైలు, తంతి, తెల్లదొరల పాలన: మీరడిగిన ప్రశ్నలకు జవాబులు

వలస పాలన పాఠం అయ్యాక మీరు చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నలకు క్లాసులో టైమ్ చాలలేదు, అందుకే రాసి ఇస్తున్నాను. ఒకేలా ఉన్నవి కలిపేశాను. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను: ఈ చాప్టర్లో ఏ విషయం వచ్చినా ఖర్చు ఎవరు భరించారు, నిర్ణయం ఎవరి చేతిలో ఉంది అనే రెండూ అడగండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

గవర్నర్ జనరల్ డల్హౌసీ రైల్వేలు వేసింది మన అభివృద్ధి కోసమేనా?

1853 ఏప్రిల్‌లో బొంబాయి నుంచి థానేకి మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. అదే నెలలో డల్హౌసీ లండన్‌కు రాసిన నివేదిక చూస్తే ఆయన ఉద్దేశం దాచుకోలేదని తెలుస్తుంది. సైన్యాన్ని ఒక మూల నుంచి ఇంకో మూలకు త్వరగా పంపాలి, ఇంగ్లండ్ మిల్లులకు పత్తి రేవుకు చేరాలి, అక్కడి సరుకు ఇక్కడ ఊరూరా అమ్ముడుపోవాలి. జనం మేలు కూడా ఉంది గానీ అది పక్కన వచ్చేది. దక్షిణాదిలో 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా రైలు మొదలైంది, ఆ మద్రాసు రైల్వే కడప, గుత్తి మీదుగా 1871 నాటికి రాయచూరు చేరి బొంబాయి నుంచి వచ్చే లైనుతో కలిసింది.

గ్యారంటీ పద్ధతి అంటే ఏంటి? ప్రతి పుస్తకంలోనూ దాన్ని ఎందుకు తిడతారు?

ఇది బాగా అర్థం చేసుకోండి. బ్రిటిష్ కంపెనీలు లండన్‌లో వాటాలు అమ్మి డబ్బు తెచ్చి ఇక్కడ లైన్లు వేశాయి. వాళ్లకు భూమి ఉచితం. పైగా పెట్టుబడి మీద ఏటా 5 శాతం రాబడికి ప్రభుత్వం హామీ. రైలుకు లాభం తక్కువొస్తే ఆ తేడాని భారత ఖజానా కట్టాలి, అంటే శిస్తు కట్టే రైతు కట్టాలి. లాభం వస్తే కంపెనీది, నష్టం వస్తే మనది అన్నమాట. ఎంత తగలేసినా 5 శాతం ఎలాగూ వస్తుందని తెలిశాక పొదుపు ఎవరు చేస్తారు? మైలుకు 8,000 పౌండ్లు అవుతుందనుకున్న ఖర్చు సగటున 18,000 దాకా పోయింది. ఆర్థిక శాఖ చూసిన విలియం మాసీ 1872లో పార్లమెంటు కమిటీ ముందు చెప్పింది ఇదే, హామీ ఉన్నంతకాలం తన డబ్బు ఇటుకా సున్నంగా మారినా హుగ్లీలో పారేసినా ఇంగ్లండ్ పెట్టుబడిదారుకు ఒకటేనని. దాదాభాయ్ నౌరోజీ సంపద తరలింపు వాదంలో ఈ వడ్డీ చెల్లింపులు కూడా ఉన్నాయి, జవాబులో ఆ లింకు తప్పకుండా చూపించండి.

రైల్వేలు వచ్చిన చోటల్లా పరిశ్రమలు పెరిగాయి కదా, ఇక్కడెందుకు అలా జరగలేదు?

పట్టాలు, ఇంజన్లు, యంత్రాలు ఎక్కువ భాగం బ్రిటన్ నుంచే ఓడల్లో దిగాయి. అజ్మీర్ వర్క్‌షాప్‌లో 1895లోనే ఇంజన్ తయారు చేశారు, అంటే మనవాళ్లకు చేతకాకపోవడం కాదు, ఆర్డర్లు మాత్రం బ్రిటన్‌కే పోయాయి. ఉక్కు, బొగ్గు, ఇంజనీరింగ్ అన్నిటినీ లాక్కుని రావాల్సిన గిరాకీ అంతా ఇంకో దేశానికి ఉపాధి ఇచ్చింది. సరుకు రవాణా చార్జీలు ఇంకో దెబ్బ. లోపలి నుంచి రేవుకు వెళ్లే సరుకుకు రేటు తక్కువ, దేశంలోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపుకుంటే ఎక్కువ. దాంతో పత్తి, గోధుమ, నూనెగింజలు, తోళ్లు రేవు వైపు పరుగెత్తాయి, మిల్లు బట్ట లోపలికి వచ్చింది, చేనేత కుదేలైంది.

అడవుల సంగతి చాలామంది రాయరు, మీరు రాయండి. ఒక మైలు పట్టా వేయాలంటే 1,760 నుంచి 2,000 దాకా చెక్క స్లీపర్లు కావాలి. 1864లో అటవీ శాఖ, 1865లోను 1878లోను అటవీ చట్టాలు, మద్రాసుకు వేరుగా 1882 చట్టం, వీటి వెనక ఈ కలప అవసరం పెద్దది. అడవి మీద బతికే వాళ్లు తమ అడవిలోనే దొంగలయ్యారు.

టెలిగ్రాఫ్ పాలనను నిజంగా మార్చిందా?

మార్చింది, అదీ రెండు వైపులా. ఓషానెస్సీ కలకత్తా దగ్గర ప్రయోగాలతో మొదలుపెట్టిన తంతి 1854లో కలకత్తా నుంచి ఆగ్రా చేరింది. 1857 మే 11న ఢిల్లీ తంతి ఆఫీసు నుంచి తిరుగుబాటు కబురు అంబాలా చేరింది, అక్కడి నుంచి పంజాబ్ అధికారులకు అందింది, రెండు రోజుల్లో లాహోర్లో సిపాయిల చేత ఆయుధాలు కింద పెట్టించారు. సిపాయిలు దొరికిన చోటల్లా తీగలు తెంపింది ఊరికే కాదు.

రెండో వైపు ఏంటంటే, తీగ ఇక్కడి అధికారినే కట్టేసింది. పాతకాలంలో లండన్ నుంచి జవాబు రావడానికి నెలలు పట్టేది, గవర్నర్ జనరల్ తనకు తోచింది చేసేసి తర్వాత చెప్పుకునేవాడు. 1870లో సముద్రం కింద కేబుల్ పడ్డాక ఆ వెసులుబాటు పోయింది. 1875లో సుంకాల చట్టం విషయంలో లండన్‌లో భారత వ్యవహారాలు చూసే మంత్రి సాలిస్‌బరీకి, వైస్రాయ్ నార్త్‌బ్రూక్‌కు గొడవ వచ్చింది, చట్టం చేసే ముందు నన్నెందుకు అడగలేదని లండన్ నిలదీసింది. లాంకషైర్ బట్టల మీద సుంకం తీసేయాలన్నది అసలు పేచీ. నార్త్‌బ్రూక్ తప్పుకున్నాడు, తర్వాత వచ్చిన లిట్టన్ 1879లో తన కౌన్సిల్లో ఎక్కువమంది వద్దన్నా కొన్ని బట్టల మీద సుంకం తీసేశాడు.

రైళ్లుంటే కరువులో తిండి చేరాలి కదా?

నాకు అన్నిటికంటే బాధ కలిగించే ప్రశ్న ఇది. 1876-78 కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఎండిపోయాయి, మద్రాసు రైల్వే అప్పటికే ఆ వైపు నడుస్తోంది. ధాన్యం వచ్చింది, కానీ ధర చెల్లించగలిగిన చోటుకు వచ్చింది. పంట పోయి కూలి పోయిన మనిషి దగ్గర డబ్బు లేదు, తంతి వల్ల ధరల కబురు ఊరూరికీ క్షణాల్లో చేరి అన్ని చోట్లా ఒకేసారి రేట్లు ఎక్కాయి, ధాన్యం ఎగుమతి ఆగలేదు. కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణా చాలని ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. 1880 కరువు కమిషన్ తర్వాత కరువు ప్రాంతాలకు ధాన్యం చేరేలా కరువు లైన్లు వేశారు, మన గుంతకల్లు-బెజవాడ లైను ఆ లెక్కలోదే. తర్వాత ధాన్యం కదలిక మెరుగైన మాట నిజం. కానీ 1943లో బెంగాల్లో రైళ్లన్నీ ఉండగానే లక్షల మంది చచ్చిపోయారు. రైళ్ల బదులు కాలువలు తవ్వమని ఆర్థర్ కాటన్ ముందు నుంచీ మొత్తుకున్నాడు, నీళ్లూ ఇస్తాయి, పడవల్లో సరుకూ చవగ్గా పోతుందని. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మనిషి మాటను రైల్వే మీద మోజులో పెద్దగా పట్టించుకోలేదు.

హైదరాబాద్ రాజ్యంలో ఏం జరిగింది? గ్రూప్స్‌లో అడుగుతారా?

అడుగుతారు, చదవండి. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చింది. 1883లో ఆ రైల్వేను ఇంగ్లిష్ కంపెనీకి అప్పగించి, రాబడికి నిజాం ఖజానా హామీ పెట్టి, చాందా వైపు పొడిగించాలన్నారు. షరతులేంటో ప్రజలకు చెప్పాలని చదువుకున్నవాళ్లు ఒక కమిటీగా కూడి అడిగారు. వాళ్లలో ముందున్న అఘోరనాథ్ చటోపాధ్యాయను, సరోజినీ నాయుడు తండ్రిని, మే నెలలో రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. లెక్కలు చూపించమన్నందుకు పడిన శిక్ష అది.