ఒక్క కిటికీ వెలుగులో శారద కథల తాత: లో-కీ పోర్ట్రెయిట్ ప్రాంప్ట్

వరంగల్ పక్క పల్లెలో పాత పెంకుటిల్లు, చలికాలం పొద్దున. డెబ్బై అయిదేళ్ల శారద కథల కళాకారుడు గడంచె మీద కూర్చుని, భుజానికి ఆనించిన తంబూర తీగను సరిచూస్తున్నాడు. నడుము వరకే ఫ్రేమ్. కెమెరా వైపు చూడడు, చెవి తంబూర మీదే ఉంది.

వెలుగు ఒకటే: ఎడమవైపు ఇనుప ఊచల కిటికీ, ఎండ నేరుగా పడని మెత్తటి వెలుతురు. అది తలపాగా ముందు భాగం, నుదుటి ముడతలు, ముక్కు గీత, తెల్ల మీసం, తీగ మీది వేళ్లను మాత్రం తాకాలి. కుడి చెంప నీడలోనే, కంటి కింద చిన్న వెలుగు త్రికోణం తప్ప. చిత్రంలో ముప్పావు వంతు చీకటి. సున్నం గోడ కనీకనిపించనట్టు. ఎడమ కంట్లో కిటికీ మెరుపు చుక్క.

వేలిగోటి పగులు, బొటనవేలి ఇత్తడి ఉంగరం గీతలు, తలపాగా నేత స్పష్టంగా కనిపించాలి. 85 ఎంఎం లెన్స్, f/2.8, నిలువు 4:5, కొద్దిగా ఫిల్మ్ గ్రెయిన్.

వద్దు: రెండో లైటు, జుట్టు చుట్టూ అంచు వెలుగు (అడక్కుండానే ఏఐ తెచ్చి పెడుతుంది), పొగలో కాంతి కిరణాలు, నునుపు చేసిన చర్మం, దీనమైన ముఖం. ఆయన పనిలో ఉన్నాడు, బాధలో లేడు.